మూడు పేపర్లకు ఒకే అట్ట

స్వీడన్‌లో పీహెచ్‌డీ చేసే మనవాళ్లలో చాలామంది థీసిస్ కోసం కొత్తగా పుస్తకం రాయరు. అచ్చయిన పేపర్లను వెనక చేర్చి, ముందు ‘కప్పా’ అనే భాగం రాస్తారు. ఉపోద్ఘాతం, ఉమ్మడి చర్చ అందులోనే ఉంటాయి. దాన్ని ఒళ్లు అలవకుండా ఎలా ముగించాలో చెబుతాను.

నల్గొండ భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ మీద మీవి మూడు పేపర్లు ఉన్నాయనుకుందాం. మొదటిది 60 బోర్ల సర్వే. రెండోది వాటిలోనే 40 బోర్ల నీటిని వానలకు ముందూ తర్వాతా పరీక్షించి రాసింది. మూడోది యాక్టివేటెడ్ అల్యూమినాతో ఫ్లోరైడ్‌ను తొలగించిన ల్యాబ్ ప్రయోగం.

ముందుగా మూడు పేపర్ల సారాంశాలనూ కాపీ చేసి ఒకదాని కింద ఒకటి అతికించండి. నడుమ ‘అదేవిధంగా’, ‘మరోవైపు’ అని చల్లితే ఉపోద్ఘాతం సిద్ధం. ‘ఇక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ ఎందుకు పేరుకుంటోంది, ఆ నీళ్లనే ఊళ్లో శుద్ధి చేసుకోవచ్చా?’ లాంటి ఒక్క ప్రశ్న మాత్రం పొరపాటున కూడా రాయకండి. రాశారో, అందులో ఎంతకు ఏ పేపరు జవాబిచ్చిందో, ఏది మిగిలిపోయిందో చెప్పాల్సి వస్తుంది.

లెక్కల జోలికీ పోవద్దు. మొదటి పేపర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి తీసుకున్నారు. రెండోదాంట్లో భారతీయ ప్రమాణం ప్రకారం 1.0. అంటే 1.2 ఉన్న బోరు మొదటి పేపర్లో మంచిది, రెండో పేపర్లో చెడ్డది. ఎవరైనా అడిగితే ‘అచ్చయిన పేపరును మార్చకూడదు కదా’ అనండి. అది నిజమే. మార్చకుండానే, చేతిలో ఉన్న పాత కొలతలను ఒకే పరిమితితో మళ్లీ లెక్కగట్టి కప్పాలో ఒక పట్టిక పెట్టుకోవచ్చు. ఆ సంగతి గైడుకు గుర్తు చేయకండి. బోర్ల సంఖ్య విషయంలో మాత్రం ఉదారంగా ఉండండి: 60కి 40 కలిపి వంద. ఆ నలభై మొదటి అరవైలోవేనన్నది మీకూ ఆ బోర్లకూ మధ్య మాట.

ఇక ఉమ్మడి చర్చ. నా పద్ధతికి అసలు పరీక్ష ఇదే. ప్రతి పేపరుకూ వేరే ఉపశీర్షిక పెట్టి, ఒకదాని గాలి ఇంకొకదానికి తగలకుండా చూడాలి. ఎందుకంటారా? మొదటి పేపర్లో మీరే రాశారు: ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ, పీహెచ్ కూడా ఎక్కువ. గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. కాల్షియం తగినంత ఉంటే రెండూ కలిసి ఫ్లోరైట్‌గా మారి నీళ్ల నుంచి విడిపోతాయి. కాల్షియం కరువైనప్పుడు ఫ్లోరైడ్ నీళ్లలోనే నిలిచిపోతుంది. ఇంతవరకూ బాగానే ఉంది.

మూడో పేపర్లో అల్యూమినా బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ మీరు వాడింది డిస్టిల్డ్ వాటర్లో సోడియం ఫ్లోరైడ్ కలిపిన ద్రావణం. దాని పీహెచ్‌ను ఆమ్లంతో 5.5కు దించారు కూడా. పీహెచ్ పెరిగేకొద్దీ అల్యూమినా పైపొర మీద ధనావేశం తగ్గుతుంది, ఫ్లోరైడ్‌ను పట్టే శక్తీ తగ్గుతుంది. మిగిలిన కాస్త చోటు కోసం బైకార్బొనేట్ పోటీకి వస్తుంది. రెండు పేపర్లనూ పక్కపక్కన పెట్టి చదివితే తేలేదేమిటంటే, ఫిల్టరు ఎక్కువగా అవసరమైన బోర్ల దగ్గరే అది తక్కువగా పనిచేసే ప్రమాదం ఉంది.

ఈ మాట మీ మూడు పేపర్లలో దేంట్లోనూ లేదు. కలిపి చూస్తేనే పుట్టింది. థీసిస్ మొత్తానికి కొత్త విషయం బహుశా ఇదొక్కటే. కాబట్టే దాన్ని రానివ్వకూడదు. వచ్చిందంటే ఆ బోర్ల నీళ్లతోనే ప్రయోగం మళ్లీ చేయాలి, లేదా ల్యాబ్ ఫలితం ఏ నీళ్లకు వర్తిస్తుందో, ఏ నీళ్లకు వర్తించదో హద్దు గీసి రాయాలి. దానికి బదులు ‘మూడు అధ్యయనాలూ ఫ్లోరైడ్ సమస్య తీవ్రతను తెలియజేస్తున్నాయి’ అని రాసి పడుకోండి.

ఏ పేపర్లో మీ పని ఎంత అన్న పేజీలో ‘అందరం కలిసి చేశాం’ చాలు.

డిఫెన్సుకు కనీసం మూడు వారాల ముందు థీసిస్‌ను గోడకు మేకుతో కొట్టే ఆచారం స్వీడన్‌లో ఉంది. ఇప్పుడు చాలాచోట్ల అది ఆన్‌లైన్‌లోనూ జరుగుతుంది. బయటి నుంచి వచ్చే అపోనెంట్ కూడా ఈలోగా అన్నీ చదువుకుంటారు. ఆ రోజున ఆయన నెమ్మదిగా మొదలుపెడతారు.

‘మూడో పేపర్లో ఏ నీళ్లు వాడారు?’

‘డిస్టిల్డ్ వాటర్ అండీ.’

‘మొదటి పేపర్లో, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో బైకార్బొనేట్ ఎంతుంది?’

వెంటనే జవాబు చెప్పకండి. ఆ పట్టిక ఎక్కడుందో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పుతూ ఉండండి. ఆయన దగ్గరున్న ప్రతిలో ఆ పేజీకి పసుపు చీటీ ఎప్పుడో అంటించి ఉంటుంది.