లెక్కల ఉద్యోగం

2022 జూన్, జులైల్లో న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌లో తమిళనాడు యువకులు 28 మంది రోజుకు 8 గంటలు, నెలపాటు, వచ్చే పోయే రైళ్లనూ వాటి బోగీలనూ లెక్కపెట్టారు. టీటీఈ, క్లర్కు ఉద్యోగాలకు అదే శిక్షణట! ఈ భాగ్యానికి ఒక్కొక్కరు 2 లక్షల నుంచి 24 లక్షల దాకా, మొత్తం 2.67 కోట్లు సమర్పించుకున్నారు. బోగీలు లెక్కపెడితే టీటీఈ అవుతాడంటే, సినిమా హాలు ముందు చెప్పులు లెక్కపెట్టినవాడు హీరో అయిపోవాలి. శిక్షణ ఉత్తర్వు, గుర్తింపు కార్డు, నియామక పత్రం అన్నీ చేతికొచ్చాయి, అన్నీ నకిలీవే. మోసగాళ్ల ముఠా వైద్య పరీక్షలు కూడా చేయించింది మరి! ఇంత తతంగంలో రాత పరీక్ష ఉందా? అసలు ఆరా తీయాల్సింది అక్కడే.

‘రైల్వే నియామక బోర్డు మాత్రం ఫీజు తీసుకోదా?’ అంటారు. తీసుకుంటుంది. జనరల్ అభ్యర్థికి 500, అదీ బహిరంగ ప్రకటన వెలువడ్డాక, అధికారిక వెబ్‌సైట్‌లో. పరీక్ష రాస్తే 400 తిరిగిస్తుంది, ఉద్యోగం ఖాయమని మాత్రం చచ్చినా అనదు. ఇక ఇంటర్న్‌షిప్‌కు ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అడిగే మహానుభావుడిది తిరగేసిన పద్ధతి: ఉద్యోగం గ్యారంటీ, సర్టిఫికెట్ గ్యారంటీ, డబ్బు వాపసు ఒక్కటే అనుమానం. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో దరఖాస్తుకు పైసా కట్టక్కర్లేదు, నెలనెలా భృతి వాళ్లే ఇస్తారు. ‘సర్టిఫికెట్ మీద ముద్ర ఉందిగా’ అంటే, ముద్ర ఎవరైనా వేయిస్తారు. దాని మీది ఫోన్‌కు కాకుండా, సంస్థ సొంత వెబ్‌సైట్‌లోని నంబరుకు చేసి అడగండి.