తప్పొప్పుల గుమాస్తాగారు

ఫ్యామిలీ కోర్టున్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటి ప్లీడరు గుమాస్తా ఒకాయన ఉంటాడు. ముక్కు మీద కళ్లజోడు, చెవి మీద ఎర్ర పెన్ను. 13-బి పిటిషన్, అంటే పరస్పర అంగీకారంతో విడాకులు కోరే కాగితం, ఆయన చూపు దాటకుండా ఫైలింగుకి వెళ్లదు.

ముందు పెళ్లి తేదీ పడతాడు. మొన్నొక పిటిషన్లో మూడో పేరాలో 18-08-2021, ఏడో పేరాలో 19-08-2021 అని ఉంది. "వీళ్లకు రెండు పెళ్లిళ్లయ్యాయా?" అంటూ శుభలేఖ తిరగేశాడు. బుధవారం రాత్రి ఒంటిగంట నలభైకి ముహూర్తం, తెల్లవారితే గురువారం! పురోహితుడికి అది బుధవారమే. మ్యారేజ్ సర్టిఫికెట్‌కి మాత్రం 19. అన్నిచోట్లా సర్టిఫికెట్ తేదీనే వేయించాడు.

తర్వాత పేర్లు. శుభలేఖలో చి.ల.సౌ. శ్రీలక్ష్మి, సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరుతో లక్ష్మి, ఆధార్‌లో అత్తింటి పేరుతో శ్రీలక్ష్మి. మొదటి పేజీలో 'అలియాస్' పెట్టి అన్నీ ఒక్కసారి రాయించి, ఆపైన 'రెండవ పిటిషనర్' అని మాత్రమే ఉంచాడు. మధ్యలో ఎక్కడో 'ప్రతివాది' అని కనిపించేసరికి ఉలిక్కిపడ్డాడు. పాత తగాదా కేసు కాగితాన్ని దించిన జూనియర్ని పిలిచి, "ఇద్దరూ కలిసి అడుగుతుంటే ప్రతివాదెవరయ్యా, జడ్జిగారా?" అన్నాడు.

అసలు చిక్కు విడిపోయిన తేదీ దగ్గర. పిటిషన్లో 2025 సంక్రాంతి, అఫిడవిట్‌లో మార్చి. దాఖలు చేయబోయేది 2026 ఫిబ్రవరిలో. మార్చి నుంచి లెక్కేస్తే చట్టం అడిగే ఏడాది నిండదు. ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేశాడు. ఆవిడ పండక్కి పుట్టింటికి వెళ్లి మళ్లీ రాలేదు. మార్చిలో వెళ్లింది సామాను. "లెక్క కాపురానిది, బీరువాది కాదు," అన్నాడు. ఇద్దరూ ఒప్పుకున్నాకే సంక్రాంతి ఖాయం చేశాడు. ఒప్పుకోకపోతే మార్చి దాటేదాకా ఫైలు అటక మీదే. తేదీ తనంతట తాను వేయడు.

చివర్న భాష. 'మొదటి పిటిషనర్ ఎంతో ఓర్పుతో భరించినా' అన్నచోట ఓర్పు ఎగిరిపోయింది. 'అత్తగారి ప్రోద్బలంతో' అన్న ముక్కతో అత్తగారూ తప్పుకున్నారు. మిగిలింది ఒక్క వాక్యం: 'స్వభావాలు కలవక కలిసి జీవించలేకపోయారు.' ఈ సెక్షన్‌కి తప్పెవరిదో రుజువు చేయనక్కర్లేదు. నింద రాస్తే మాత్రం రెండోవాళ్లు సంతకం దగ్గర బిగుసుకుంటారు.

సంతకాల రోజున ఆవిడ కాగితం చదివి, "ఇంతేనా? ఈయన చేసినవన్నీ ఏవీ?" అంది.

"నేనూ అదే అడుగుతున్నా. ఈవిడ చేసినవేవీ?" అన్నాడాయన.

గుమాస్తాగారు పెన్ను అందించాడు. "చూశారా, ఇద్దరిదీ ఒకే మాట. సంతకం ఇక్కడ పెట్టండి."