పరిచయం అక్కర్లేని వారి పరిచయం

ఏలూరులో సభ అంటే ముందు ఫ్లెక్సీ, ఆ వెనకే మైకు, ఆ మైకులోంచి "వీరికి పరిచయం అక్కర్లేదు" అన్న మాట. అది వినబడగానే కుర్చీలో వెనక్కి జారి సర్దుకు కూర్చోవాలి. ఇక పావుగంట దాకా పరిచయమే.

కొల్లేరు చుట్టుపట్ల చేపల చెరువుల రైతులకు మా బాబాయి వాళ్లు ఓ సభ పెట్టారు. వక్త మత్స్యశాఖలో చేసి రిటైరైన డాక్టరు గారు. తెల్లవారుజామున చేపలు ఎందుకు తేలతాయో చెప్పడానికి వస్తున్నారు. బాబాయి నాలుగు అరఠావుల నిండా పరిచయం రాసి తెచ్చాడు. "ఒరే, దీన్ని నిమిషంలో అయ్యేట్టు చెయ్యాలి. పన్నెండున్నరకి భోజనాలు. కానీ ఒక్క ముక్క తగ్గకూడదు."

"తగ్గకుండా ఎలా తగ్గించను బాబాయ్?"

"అందుకే కదా నీ దగ్గరికి తెచ్చింది!"

ఎర్ర పెన్ను తీశాను. మైకు ముందు మామూలుగా చదివితే నిమిషానికి నూరు మాటలు, అటూ ఇటూగా వెళతాయి. నాలుగు అరఠావుల్లో ఏడెనిమిది వందల మాటలున్నాయి. బాబాయి మధ్యలో కళ్లజోడు తుడుచుకుంటాడు, తనకూ డాక్టరు గారికీ ఉన్న చుట్టరికం కలుపుతాడు. లెక్కలో అదీ వేసుకోవాలి.

మొదటి అరఠావులో డాక్టరు గారు మూడుసార్లు డాక్టరయ్యారు. పేరు ముందు "డాక్టర్" అని ఉంది. రెండు వాక్యాలు దాటితే "డాక్టరేట్ పట్టా పొందిన విద్యావేత్త". ఇంకాస్త కిందికి దిగితే "పీహెచ్‌డీ చేసిన మేధావి". ఆ ముందరే బీఎఫ్ఎస్సీ, ఎంఎఫ్ఎస్సీ ఎక్కడెక్కడ చదివారో, ఆ పైన హైస్కూలూ, దాని పైన తాడేపల్లిగూడెం దగ్గర పల్లెలో ఎలిమెంటరీ స్కూలూ. పీహెచ్‌డీ ఉందంటే కింది మెట్లన్నీ ఎక్కే ఉంటారు. అసలు రైతుకు కావలసింది పట్టా కూడా కాదు, దేని మీద చేశారన్నది. చెరువు నీళ్లలో ఆక్సిజన్ మీద చేశారు. ఆ ముక్క నాలుగో అరఠావు అడుగున, స్టేప్లర్ పిన్ను పక్కన ఉంది.

రెండో అరఠావు విశేషణాలది. సౌమ్యులు, మృదుభాషి, శాంతమూర్తి: మూడూ కలిపి ఆయన గట్టిగా మాట్లాడరని. నిగర్వి, నిరాడంబరులు, సాదాసీదా మనిషి: ఆయన సైకిల్ మీద వస్తారని. గుర్రపుడెక్క అల్లుకున్న కాలవలో నీరు కనబడనట్టు, ఈ మాటల కింద మనిషి కనబడలేదు. ఒకటి తీస్తే పక్కది విస్తరిస్తుంది. అలాంటి చోట నేను చేసే పరీక్ష ఒకటే. వక్త పేరు మీద వేలు పెట్టి మూసి, కింద వాక్యం చదువుతాను. అది కిందటి నెల సన్మానం చేసిన పోస్టుమాస్టరు గారికి కూడా అతికితే కొట్టేస్తాను. రెండో అరఠావు దాదాపు మొత్తం అతికింది.

బాబాయి మొహం చిన్నబోయింది. ఆయన్నని ఏం లాభం, ఇది మన నేల గుణం. ఏలూరు పక్కనే పెదవేగి ఉంది కదా, ఒకప్పటి వేంగి. తూర్పు చాళుక్యుల రాగి శాసనాలు చూడండి. ఏ ఊళ్లో భూమి ఎవరికి ఇచ్చారో చెప్పాలంటే వంశం మొత్తం మొదటినుంచీ ఎత్తుకుంటారు. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, ఆయన కొడుకు జయసింహుడు 33 ఏళ్లు, ఇంద్రభట్టారకుడు 7 రోజులు! వారం రోజుల రాజుకీ వరసలో చోటు తప్పలేదు. ఇదంతా అయ్యాక గాని దానం దగ్గరికి రారు. అయితే వాళ్లకో కారణముంది. ఇచ్చేవాడికి ఆ హక్కు ఎక్కడినుంచి వచ్చిందో రేకు మీదే తేలాలి, రేపెవరైనా తగాదాకి వస్తే చూపించాలి. డాక్టరు గారి మాట మీద ఎవరూ కోర్టుకెళ్లరు. పైగా రాగిరేకు చదివేవాడికి ఆకలి వేస్తే లేచి వెళ్లి మళ్లీ రావచ్చు.

మూడో అరఠావు ఉద్యోగ పర్వం. ఎక్కడ చేరారు, ఎక్కడికి బదిలీ అయ్యారు, ఏ ఏడు ప్రమోషను. అంతటినీ "ముప్పై ఏళ్లు మత్స్యశాఖలో" అనే మూడు మాటల్లో పెట్టాను.

అప్పటికి మిగిలినదాన్ని మా పిన్నికొడుకు ఒకడు చూసి, తానూ ఓ చెయ్యి వేశాడు: "పీహెచ్‌డీ. మత్స్యశాఖలో 30 ఏళ్లు. అంశం: ఆక్సిజన్." ఇంతే. రెండో వాడి చేతికి పెన్ను ఇస్తే వచ్చే చిక్కు ఇది. పునరుక్తితో పాటు మనిషిని కూడా కోసేస్తారు. ఆధార్ కార్డు మీద కూడా ఇంతకంటే ఆప్యాయత ఉంటుంది, కనీసం ఫొటో ఉంటుంది.

ఆప్యాయత కోసం మళ్లీ కొట్టేసిన కాగితాలే వెతికాను. రెండో అరఠావులో "అజాతశత్రువు"కీ "ఆపద్బాంధవుడు"కీ నడుమ ఇరుక్కుని ఒక వాక్యం దొరికింది: తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోను చేసినా ఎత్తుతారట. పేరు మూసి చదివాను. పోస్టుమాస్టరు గారికి అతకలేదు.

చేపల రైతుకి ఆ వేళ ఏమిటో తెలుసు. పగలు ఎండలో నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక ఇవ్వడం మాని, చేపలతో పాటు అదీ పీల్చుకుంటుంది. రాత్రంతా ఆక్సిజన్ తరిగి తరిగి తెల్లవారేముందు అట్టడుక్కి వస్తుంది. ముందురోజు మబ్బు పట్టిందంటే మరీ కష్టం. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉన్న చెరువులో శీలావతీ బొచ్చే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు గట్టు మీద నిలబడి ఎవరికి ఫోను చేయాలన్నదే రైతు ప్రశ్న. "ఆపద్బాంధవుడు" అని రాసిన బాబాయి మనసులో ఉన్నది ఈ ఫోనే. విశేషణం వేసేసరికి అది దాక్కుంది. సంగతి చెబితే ఆప్యాయతా అర్హతా ఒక్క వాక్యంలో వచ్చేస్తాయి.

చివరికి ఇలా తేలింది:

"తెల్లవారుజామున నాలుగున్నరకి చెరువులో చేపలు తేలితే, మనలో చాలామంది ఇంట్లోవాళ్లకంటే ముందు ఫోను చేసేది ఈయనకే. ఫోను ఎత్తుతారు, విసుక్కోరు, ముందు 'ఏరేటరు వేశారా?' అని అడుగుతారు. చెరువు నీళ్లలో ఆక్సిజన్ మీదే పీహెచ్‌డీ చేశారు. ముప్పై ఏళ్లు మత్స్యశాఖలో ఉండి మన గట్ల మీదే తిరిగారు. పుట్టింది మన గూడెం పక్కనే. ఆ ఫోనే అవసరం లేకుండా ఏం చేయాలో ఈవేళ చెబుతారు. మన డాక్టరు గారు..."

చుక్కల దగ్గర పేరు. ఫ్లెక్సీ మీద ఎలాగూ గజం అక్షరాల్లో ఉంది కాబట్టి మొదట్లో అక్కర్లేదు. చివర్లో పేరు పడితే చప్పట్లు ఎప్పుడు కొట్టాలో జనానికి తెలుస్తుంది. గడియారం పెట్టి చదివించాను. బాబాయి దగ్గుతో కలిపి కూడా నిమిషం లోపే అయింది.

"బాగానే ఉంది గానీ..." అంటూ బాబాయి కొట్టేసిన కాగితాలు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సౌమ్యులు, శాంతమూర్తి... పారేయడానికి మనసొప్పడం లేదురా."

"సన్మానపత్రంలో వేయించు బాబాయ్. ఫ్రేము కట్టి ఇస్తారు, గోడకి ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు."

బాబాయి మొహం వెలిగింది. "ఆయ్, అదీ మాట! నాలుగు అరఠావులూ పడతాయి కదా? మరి శాలువా కప్పేముందు దాన్ని మైకులో చదివేది నువ్వే."