లేబులు అరిగిన ప్లేటుకి పేరు పెట్టడం: నమ్మకూడని సలహాలు

దాచేపల్లి చుట్టుపక్కల పాత గ్రామఫోను ప్లేట్లు దొరికాయంటే చాలావరకు మైకుసెట్టు వాళ్ళ పెట్టెల్లోవే. పెళ్ళికీ తిరునాళ్ళకీ అద్దెకు తిరిగిన సరుకు కాబట్టి పాట గాడి కన్నా ముందు లేబులే పాడవుతుంది. చీకట్లో, హడావిడిలో నడిమి రంధ్రం కోసం ప్లేటుని ఇరుసు మీద అటూ ఇటూ రాస్తే కాగితం మీద గీతలు పడతాయి. వేళ్ళ నూనె, మిరపకోతల నాటి దుమ్ము మిగతా పని పూర్తి చేస్తాయి. ఇలాంటి ప్లేటు పట్టుకోగానే చుట్టూ ఉన్నవాళ్ళు సలహాలు చెప్పడం మొదలుపెడతారు. అందులో కొన్ని ప్లేటునే చంపుతాయి, మరికొన్ని తప్పుడు పేరుని శాశ్వతంగా అంటగడతాయి.

చంపే సలహా ముందు చెబుతాను. "స్పిరిట్ దూదితో తుడువు బాబాయ్, అక్షరాలు పైకి తేలతాయి" అంటారు. 78 వేగం ప్లేట్లు లక్కతో చేసినవి. చెక్క సామానుకి పాలిష్ చేసేవాళ్ళు లక్కని స్పిరిట్‌లోనే కరిగిస్తారు. అదే స్పిరిట్ గాడి మీద పడితే పాట కరుగుతుంది. 45, 33 వేగం వినైల్ ప్లేట్లు అంతగా దెబ్బతినకపోయినా లేబులు కాగితం మీద సిరా మాత్రం అలుక్కుపోతుంది. సుద్దపొడి రుద్దమనేవాళ్ళ మాటా వినొద్దు, అది గాడిలో చేరి ముల్లు కింద ఇసుకలా అరగదీస్తుంది. గదిలో దీపం ఆర్పి, టార్చిని ప్లేటుకి దాదాపు సమాంతరంగా, పక్కవాటుగా పట్టుకుని చూడండి. కాగితంలోకి దిగిన అచ్చు, సిరా పోయినా, నీడగా కనిపిస్తుంది. అలాగే ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే కంటికి దొరకని అంకె కూడా ఒక్కోసారి దొరుకుతుంది.

"లేబులు పోతే పోయింది, లోపలి అంచున చెక్కిన నంబరు వెతుకు, అదే కేటలాగు నంబరు." ఈ సలహా ఇచ్చేవాళ్ళకి సగమే తెలుసు. చివరి గాడికీ లేబులుకీ మధ్య ఉన్న నున్నటి అంచులో నంబరు ఉంటుంది, నిజమే. కానీ చాలాసార్లు అది ఆ ఒక్క వైపుకి సంబంధించిన అచ్చు నంబరు. ప్లేటు తిప్పితే రెండో వైపు వేరే నంబరు కనిపిస్తుంది. దుకాణంలో ప్లేటు అమ్మిన కేటలాగు నంబరు మాత్రం రెండు వైపులా ఒక్కటే. అచ్చు నంబరుని కేటలాగు జాబితాలో వెతికితే అసలు దొరకకపోవచ్చు, లేదా ఏ సంబంధమూ లేని ప్లేటు దొరకవచ్చు. రెండు వైపుల నంబర్లూ విడివిడిగా రాసుకోండి. అవి జోడీ అన్నది గుర్తుంటే చాలు.

కేటలాగు నంబరులో అంకెలు పోయినా ముందు అక్షరాలు మిగలడం అదృష్టం. కుక్క బొమ్మ ప్లేట్లలో 78 వేగానికి ఎన్, ఏడంగుళాల ఇ.పి.కి 7 ఇ.పి.ఇ. అని ఉంటాయి. కొలంబియాలో అవే జీ.ఇ., ఎస్.ఇ.డి.ఇ. ఏంజెల్ ఇ.పి. అయితే టి.ఎ.ఇ. ఈ మూడు పేర్లూ డమ్ డమ్‌లో ఫ్యాక్టరీ ఉన్న గ్రామఫోను కంపెనీవే. అందుకే "కుక్క బొమ్మ లేదు, ఇది వేరే కంపెనీ సరుకు" అన్న మాట పనికిరాదు. "లేబులు డిజైను పాతది, కాబట్టి పాట ఆ కాలందే" అన్నదీ అంతే. రంగూ బొమ్మా ఆ ప్లేటు ఎప్పుడు అచ్చయిందో సూచిస్తాయి. పాట అంతకన్నా ఎన్నో ఏళ్ళ ముందు రికార్డయి ఉండవచ్చు, ఎందుకంటే అమ్ముడుపోయే పాటని కంపెనీ మళ్ళీ మళ్ళీ అచ్చువేసింది.

ఇప్పుడు ఎక్కువగా తప్పుదారి పట్టించే సలహా: "లేబులు మీద చేత్తో రాసి ఉంటే అది చాలు." మైకుసెట్టు వాళ్ళు తమ సౌకర్యం కోసం రాసుకున్నారు. అంకె ఉంటే అది వాళ్ళ పెట్టెలో వరుస సంఖ్య. సినిమా పేరు పొడి అక్షరాల్లో ఉంటే ముల్లు పెట్టగానే వచ్చే మొదటి పాట ఏదో గుర్తుకోసం. ఉదాహరణకి ఒక ఏడంగుళాల ప్లేటు తీసుకుందాం. కుక్క బొమ్మ పై సగం, 7 ఇ.పి.ఇ. అన్న అక్షరాలు మిగిలాయి. పక్కన పెన్నుతో "మా.బ. 112". ముల్లు పెడితే ఘంటసాల, పి. లీల పాడిన "లాహిరి లాహిరి". అందరూ వెంటనే "1957 నాటి మాయాబజార్ ఇ.పి." అని తీర్పిచ్చేస్తారు. ఇక్కడ ఆగాలి. ఇ.పి.లో మామూలుగా వైపుకి రెండు పాటలు పడతాయి. రెండో పాటా, వెనక వైపు పాటలూ అదే సినిమావైతే ఆ పేరు పెట్టవచ్చు. రెండో పాట "మిస్సమ్మ"ది అయితే? ఆ సినిమా 1955ది, సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. అప్పుడది సినిమా ఇ.పి. కాదు, యుగళగీతాలనో లీల పాటలనో ఏర్చి కూర్చినది. వెనక వైపు వినేదాకా పేరు రాయకండి. "112"ని కేటలాగు నంబరుగా ఎక్కడా ఎక్కించకండి.

పాట నిడివి విషయంలో "యూట్యూబులో ఉన్న నిడివితో సరిపోతే అదే పాట, సరిపోకపోతే వేరే రికార్డింగు" అంటారు. ఇది సగం నిజం కాబట్టే ప్రమాదకరం. ముందు మీ ప్లేయరు వేగం చూసుకోండి. ప్లేటు అంచున చిన్న కాగితం ముక్క అంటించి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టండి. 45 రావాలి. 46 వస్తే 3 నిమిషాల 20 సెకన్ల పాట నాలుగు సెకన్లకు పైగా ముందే అయిపోతుంది.

ప్లేయరు సరిగ్గా ఉందనుకుందాం. ప్లేటు మీద మొదటి పాట 3:20, రెండోది 2:30. వీడియోలో అవే 3:12, 2:24. సెకన్లలోకి మార్చి భాగించండి: 200ని 192తో, 150ని 144తో. రెండింటికీ 1.04 వస్తుంది. సెకనుకి 24 బొమ్మల సినిమాని 25తో నడిపి డీవీడీకెక్కిస్తే సరిగ్గా ఇంతే తగ్గుతుంది. కాబట్టి పాటలు అవే, వీడియో వేగం పెరిగింది. అలా కాక మొదటి పాటకి 1.04 వచ్చి రెండో పాటకి 0.90 వస్తే వేగం కారణం కాదు. ఆ రెండో పాటని ప్లేటు కోసం కుదించారన్న మాట, ఒక చరణమో ఒక వాద్య ఘట్టమో పోయి ఉంటుంది. 78 ప్లేటుకైతే వైపుకి మూడు నిమిషాల చిల్లరే చోటు. పొడుగు పాటని రెండు వైపులకీ చీల్చేవారు, లేదా కత్తిరించేవారు. సినిమాలో విన్నదానికీ ప్లేటులో ఉన్నదానికీ తేడా అక్కడే వస్తుంది.

క్యాసెట్టుకి వస్తే "పెట్టెలో కాగితం చూడు" అన్న సలహా నేనెప్పుడూ తీసుకోను. ఇళ్ళలో పెట్టెలు మారిపోతాయి. క్యాసెట్టునే తిప్పి పై అంచు చూడండి. రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ రేకులు ఉంటే దాని మీద మళ్ళీ రికార్డు చేయవచ్చు, అంటే అది ఖాళీ క్యాసెట్టుగా కొన్నదే. ఆ రోజుల్లో చీటీ రాసిచ్చి రికార్డింగు షాపులో నింపించుకునే పద్ధతి ఉండేది, కాబట్టి అలాంటిదానికి కేటలాగు నంబరే ఉండదు. ఎంత వెతికినా నంబరు దొరకనిది అందుకే. రేకులు విరిగి ఉంటే మాత్రం కంపెనీ క్యాసెట్టే అని చెప్పలేం, షాపువాళ్ళూ విరిచేవారు. వైపులు రెండూ పూర్తిగా నడిపి చూడండి. కంపెనీ క్యాసెట్టులో టేపు సాధారణంగా పాటలకి సరిపడా కోసి ఉంటుంది, చివర మౌనం కొద్దిగానే. ఒక వైపు ఆరేడు నిమిషాలు ఖాళీగా మిగిలినా, చివరి పాట సగంలో తెగిపోయినా ఇంటి రికార్డింగుగానే రాసుకోండి. పాటల వరుస ప్లేటు వరుసలో లేదని కంగారుపడనక్కర్లేదు. రెండు వైపుల నిడివి సమానం చేయడానికి కంపెనీలే వరుస మార్చేవి. అందుకని క్యాసెట్టులో ఏయే పాటలున్నాయన్నది చూడండి, ఏది ముందన్నది వదిలేయండి.