అరవయ్యారో సంపుటం, 375వ పేజీ: ఒక పరిశోధనా వ్యాసం కథ

ఈ కథలోని వ్యాసం 1925 డిసెంబరులో పుట్టింది. ‘జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీ’ 66వ సంపుటంలో 375వ పేజీ నుంచి 400వ పేజీ దాకా దాని చోటు. పేరు ‘ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్’. రాసినవారు ఇద్దరు: హార్వర్డ్ వైద్య కళాశాలలో పనిచేసే సైరస్ ఫిస్కే, ఆయన ప్రయోగశాలలో చేరిన భీమవరం వాడు యల్లాప్రగడ సుబ్బారావు. రక్తంలో, మూత్రంలో ఉండే ఫాస్ఫేట్‌కు ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, ఆ మిశ్రమాన్ని క్షయకరణం చేస్తే నీలి రంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఈ సంగతి అంతకుముందే తెలుసు. ఆ రంగు త్వరగా, నమ్మకంగా వచ్చేలా చేయడం ఈ వ్యాసం చేసిన పని.

ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఎలా బయటపడిందో తెలుసుకోవాలనుకునే విద్యార్థి చేతిలో ఈ ఒక్క వ్యాసమే ఉందనుకోవచ్చు. కండరం ఒక్కసారిగా బిగుసుకోవలసి వచ్చినప్పుడు వెంటనే వాడుకునే శక్తి నిల్వ అది. ఈ వ్యాసంలో ఆ పేరు ఎక్కడా లేదు. అయినా మిగతా ముఖ్యమైన పత్రాలను చేరడానికి ఇక్కడినుంచి రెండు దారులున్నాయి. వ్యాసం ఎవరిని ఉదహరించిందో చూస్తూ పోయేది వెనక్కి వెళ్లే దారి. దాన్ని తర్వాత ఎవరు ఉదహరించారో చూస్తూ పోయేది ముందుకు వెళ్లే దారి.

వెనక్కి వెళ్లే దారి వ్యాసం ఒంటిమీదే రాసి ఉంటుంది. ఇప్పటి పత్రాల చివర కనిపించే రిఫరెన్సుల పట్టిక 1925 నాటి ఈ వ్యాసానికి లేదు. ఉదహరించిన పనులన్నీ పేజీల అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. అక్కడ రచయిత పేరు, పత్రిక పేరు, సంవత్సరం, సంపుటం, పేజీ మాత్రమే ఇస్తారు. ఉదహరించిన పత్రం శీర్షిక ఉండదు, సంపుటం సంఖ్య రోమన్ అంకెల్లో ఉంటుంది. అప్పటి పద్ధతిలో ఈ వ్యాసాన్ని ఉదహరించినవారు దాని సంపుటాన్ని `lxvi` అని రాశారు. దాన్ని 66 అని చదువుకోలేకపోతే వెతుకులాట మొదటి అడుగులోనే ఆగిపోతుంది. శీర్షిక లేనందువల్ల మరో ఇబ్బంది ఉంది. అడుగున ఉన్న గమనికను మాత్రమే చూస్తే ఆ పత్రం దేని గురించో తెలియదు. గమనిక అంకె పడిన వాక్యాన్ని పైన చదివితేనే దాన్ని ఎందుకు ఉదహరించారో అర్థమవుతుంది.

అలా చదివినప్పుడు రెండు పేర్లు మిగతావాటికంటే బరువుగా కనిపిస్తాయి. ఒకటి బెల్, డోయిసీల 1920 నాటి పద్ధతి. రెండోది బ్రిగ్స్ 1922లో దానికి చేసిన సవరణ. ఫిస్కే, సుబ్బారావులు ఈ రెండింటినీ మర్యాద కోసం పేర్కొనలేదు. వాటిలోని లోపాలను సరిదిద్దడానికే తమ పని మొదలుపెట్టారు. ఆ రెండు పద్ధతుల్లోనూ రంగు రప్పించేది హైడ్రోక్వినోన్. దాని బదులు వీరు ఒక అమినోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని వాడారు. వెనక్కి వెళ్లేటప్పుడు చూడవలసింది ఈ తేడానే. దారిలో పలకరించి వదిలేసిన పేర్లు వేరు, వ్యాసం ఎవరితో వాదిస్తోందో, ఎవరి భుజాల మీద నిలబడిందో ఆ పేర్లు వేరు. రెండో రకం పేర్లను తెరిచి, వాటి అడుగు గమనికలను కూడా అలాగే చదవాలి. బ్రిగ్స్ పత్రం తెరిస్తే దాని శీర్షికలోనే బెల్, డోయిసీల పేర్లు ఎదురవుతాయి. ఒకే పత్రం రెండు మూడు వైపుల నుంచి ఇలా ఎదురైతే అదే ఆ వంశానికి మూలపురుషుడని గుర్తు. అక్కడినుంచి ఇంకా వెనక్కి పోతే దారి ఫాస్ఫరస్ రసాయన విశ్లేషణ చరిత్రలోకి మళ్లుతుంది. విద్యార్థి ప్రశ్న కండరం గురించి కాబట్టి ఇక ఆగిపోవచ్చు.

వెనక్కి వెళ్లే దారికి దాటలేని హద్దు ఒకటుంది. అది పెద్దవాళ్ల దగ్గరికి మాత్రమే తీసుకెళ్తుంది. 1925 తర్వాత జరిగినదేదీ ఈ వ్యాసం పేజీల్లో ఉండదు. ఫాస్ఫోక్రియాటిన్ కథ మాత్రం 1925 తర్వాతే మొదలైంది.

ఈ వ్యాసం పుట్టిన తర్వాత చాలా ఏళ్ల పాటు ముందుకు వెళ్లే దారి అసలు లేనే లేదు. ఒక పత్రాన్ని ఎవరెవరు ఉదహరించారో చెప్పే సూచిక విజ్ఞానశాస్త్రానికి ఉండాలని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించాడు. ఆయన సంస్థ ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ను 1960లలో తెచ్చింది. ఆ అచ్చు సూచికలో ఉదహరించిన పత్రం దాని మొదటి రచయిత పేరు కింద మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి ఈ వ్యాసం ఫిస్కే పేరు కింద ఉంటుంది. సుబ్బారావు పేరు కింద వెతికితే ఇద్దరూ కలిసి చేసిన ఈ పని జాడే దొరకదు. సూచిక కట్టేవారి వీలు కోసం పెట్టుకున్న ఈ నియమం వల్ల, ఎన్నో ప్రయోగశాలలు నమ్ముకున్న పద్ధతిలో సగం పేరు వెతికేవారి కళ్లకు ఆనలేదు. ఇది తలుచుకుంటే బాధ కలిగించే విషయం. వెతికే మనిషికి ఇందులో పనికొచ్చే జాగ్రత్త కూడా ఉంది: రెండో రచయిత పేరుతో ఏమీ దొరకకపోతే, ఏమీ లేదని అనుకోకూడదు.

నేడు గూగుల్ స్కాలర్‌లో ఈ వ్యాసం కింద `Cited by` అన్న లంకె నొక్కితే పత్రాలు వేలల్లో వస్తాయి. అదే పెద్ద చిక్కు. అది ఒక పద్ధతిని చెప్పే వ్యాసం కావడంతో, ఫాస్ఫేట్ కొలిచిన ప్రతివారూ దాన్ని ఉదహరించారు. మట్టిని పరీక్షించినవారు, ఎంజైములను కొలిచినవారు, కొవ్వులను విడదీసినవారు అందరూ అందులో ఉంటారు. వాళ్లకు ఈ వ్యాసం ఒక పనిముట్టు, అంతే. పైగా గూగుల్ స్కాలర్ ఎంత పెద్ద జాబితాలోనైనా మొదటి వెయ్యి ఫలితాలకు మించి చూపదు. పేజీలు తిప్పుకుంటూ పోయేవారికి మిగతావి ఎప్పటికీ కనిపించవు. అందుకే జాబితా పైన ఉండే `Search within citing articles` అన్న గడిని ఎంచుకుని, ప్రశ్నకు చెందిన మాటలను వెతుకు పెట్టెలో ఇవ్వాలి:

```
phosphocreatine OR phosphagen OR "creatine phosphate"
```

ఒకే పదార్థానికి మూడు పేర్లు ఇవ్వడానికి కారణం ఉంది. కనుగొన్న తొలి రోజుల్లో వేర్వేరు బృందాలు దాన్ని వేర్వేరు పేర్లతో పిలిచాయి. ఒక్క పేరుతో వెతికితే ఒక్క బృందమే దొరుకుతుంది. ఫలితాలను కాలం హద్దు పెట్టి 1930కి ముందువి మొదట చూడాలి. పాత పత్రాల అడుగు గమనికలు డేటాబేసుల్లోకి పూర్తిగా ఎక్కలేదు కాబట్టి, ఈ తొలి ఏళ్ల జాబితా పలచగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అలాంటప్పుడు అదే రచయితల తర్వాతి పనులను విడిగా వెతకడం మంచిది.

అలా వెతికితే ఈ వ్యాసానికి సొంత తమ్ముడు ఎదురవుతాడు. అది ఫిస్కే, సుబ్బారావులే 1927 ఏప్రిల్‌లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన మూడు పేజీల చిన్న పత్రం. కండరం నుంచి తీసిన ద్రవంలో తమ పద్ధతితో ఫాస్ఫేట్ కొలిచినప్పుడు నీలి రంగు రావలసిన వేగంతో రాలేదు, మెల్లమెల్లగా చిక్కబడింది. మరొకరైతే పద్ధతిలో లోపమని వదిలేసేవారేమో. వీరు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫేట్ క్రియాటిన్‌తో కలిసి ఉందని, పరీక్షలోని ఆమ్లం తగిలి ఆ బంధం విడిపోతూ ఉంటే ఫాస్ఫేట్ కొద్దికొద్దిగా బయటికి వస్తోందని తేల్చారు. ఈ వ్యాసం చెప్పిన రంగు త్వరగా రావడం వల్లనే ఆ ఆలస్యం కంటికి ఆనింది. ఉదహరణ అంటే ఇక్కడ పేరు చెప్పుకోవడం కాదు, ఒక పని మరో పనిని కన్నది.

ఇక్కడ విద్యార్థి గుర్రం మారాలి. ఇకపై వెతుకులాటకు మొదలు ఈ వ్యాసం కాదు, 1927 పత్రం. దాన్ని ఉదహరించినవారి జాబితా చిన్నది, ప్రశ్నకు దగ్గరది. అందులో ఫిస్కే, సుబ్బారావులే 1929లో రాసిన ‘ఫాస్ఫోక్రియాటిన్’ అనే పెద్ద వ్యాసం ఉంటుంది. దాన్ని పట్టుకుని మళ్లీ వెనక్కి వెళ్తే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు 1927లోనే ప్రచురించిన పని తగులుతుంది. కప్ప కండరంలో సులువుగా విడిపోయే ఆ ఫాస్ఫేట్‌ను వారు విడిగా గమనించి, ‘ఫాస్ఫాజెన్’ అని పేరు పెట్టారు. వీరు ఫిస్కే, సుబ్బారావులకు దాయాదుల వంటివారు. 1925 వ్యాసం నుంచి నేరుగా వెనక్కి వెళ్తే వారు దొరకరు. రెండు బృందాలనూ ఒకేచోట ఉదహరించిన తర్వాతి తరం పత్రం దగ్గరికి ముందుగా వెళ్లి, అక్కడినుంచి వెనక్కి రావాలి. ముందుకు ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు వేసే ఈ నడకే సమకాలికులను పట్టిస్తుంది. 1929లోనే జర్మన్ భాషలో కార్ల్ లోమన్ ఏటీపీ గురించి రాసిన పత్రం కూడా ఇదే నడకలో దొరుకుతుంది. ఇంగ్లిషు మాటలతో మాత్రమే వెతికేవారు దాన్ని దాటిపోతారు.

వెతుకుతున్నంతసేపూ ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకుంటూ పోవాలి: ఏ పత్రం నుంచి, ఏ వైపు, ఏ తేదీన, ఎన్ని చూసి ఎన్ని ఉంచుకున్నారు. ఉదహరణల సంఖ్య రోజూ మారుతుంది కనుక తేదీ లేని లెక్క తర్వాత సరిపోల్చడానికి పనికిరాదు. కొత్తగా తెరిచిన పత్రాలన్నీ అప్పటికే చేతిలో ఉన్నవాటినే చూపిస్తూ ఉంటే, అలా వరుసగా రెండు విడతలు జరిగితే, ఆగవచ్చు. ఆగేముందు మొదటి వ్యాసానికి సంబంధం లేని మరో మంచి పత్రం నుంచి ఒక్కసారి నడిచి చూడటం అవసరం. ఒకరినొకరు ఉదహరించుకునే బృందం లోపలే తిరుగుతూ ఉంటే, బయట మరో బృందం ఉన్న సంగతే తెలియదు.

దారి తెగిపోయే చోటు కూడా ఒకటుంది. 1959లో బార్ట్‌లెట్ అనే శాస్త్రజ్ఞుడు ఫిస్కే, సుబ్బారావుల రసాయనాన్నే వేడిచేసి వాడి, ఇంకా తక్కువ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి చెప్పాడు. ఆ తర్వాత చాలామంది ఆయన్నే ఉదహరించి ఊరుకున్నారు. వారి పత్రాలు కావాలంటే ముందుగా బార్ట్‌లెట్‌ను చేరి, ఆయన నుంచి మళ్లీ ముందుకు వెళ్లాలి. మరికొందరు ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతి’ అని వాక్యంలో రాసి, కింద గమనికే పెట్టలేదు. వాళ్లను ఏ ఉదహరణ సూచికా పట్టుకోలేదు. పేరునే మాటగా పెట్టి వెతకడం ఒక్కటే మార్గం, అది కూడా ఆ పేరును రాసిన రకరకాల స్పెల్లింగులతో:

```
"Fiske Subbarow" OR "Fiske and SubbaRow" OR "Fiske and Subba Row"
```