మంగళవారం రాజీనామా

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాలంటే కోడింగ్ పరీక్ష, నాలుగైదు రౌండ్ల ఇంటర్వ్యూలు, పాత జీతం స్లిప్పులు, ఆఖరికి టెన్త్ మార్కుల మెమో కూడా కావాలి. మానేయడానికి మాత్రం ఒక్క మెయిలు చాలు. అయితే లక్ష లైన్ల కోడ్‌లో తప్పు ఎక్కడుందో ఇట్టే పట్టేసే మొనగాళ్లు కూడా ఆ పది లైన్ల మెయిలు దగ్గరకొచ్చేసరికి చతికిలపడతారు.

నేను అలాంటి మెయిళ్లు అందుకునే కుర్చీలో ఉన్నవాణ్ణి. అందుకని మా చుట్టాల్లో ఎవరు కంపెనీ మారుతున్నా డ్రాఫ్టు ముందు నా వాట్సాప్‌కి వస్తుంది, ఆ తర్వాతే వాళ్ల మేనేజరుకి వెళ్తుంది. 2025 మే నెలాఖరులో మా అక్క కొడుకుది వచ్చింది. వాడు గచ్చిబౌలిలో ఓ కంపెనీలో పనిచేస్తున్నాడు. ఇంకో కంపెనీ ఆఫర్ ఇచ్చింది, సెప్టెంబర్ 1న చేరమంది. మధ్యలో ఉన్నది తొంభై రోజుల నోటీసు పీరియడ్, దాని ముందు ఈ ఉత్తరం.

మొదటి డ్రాఫ్టు తెరిచి వేలితో పైకి తోసుకుంటూ పోయాను. కాలేజీ నుంచి బెదురుచూపులతో వచ్చిన తనని ఆ సంస్థ ఎలా అక్కున చేర్చుకుందో చెబుతూ మొదలుపెట్టి, టీమ్‌కీ, పక్క టీమ్‌కీ, క్యాబ్ డ్రైవర్లకీ, క్యాంటీన్‌లో అల్లం టీ పోసే అన్నకీ కృతజ్ఞతలు చెప్పుకుంటూ వెళ్లాడు. రాజీనామా అన్న మాట ఎక్కడో చివర్లో, "బరువెక్కిన హృదయంతో రాజీనామా చేయాలని ఆలోచిస్తున్నాను" అంటూ తగిలింది.

"ఏరా, ఇది రాజీనామానా, సన్మాన పత్రమా?" అని ఫోన్ చేశాను.

"కృతజ్ఞత ఉండాలన్నావు కదా మావయ్యా!"

"ఉండాలన్నాను. ఊరేగించమన్లేదు."

మేనేజరు ఆ మెయిలుని కళ్లనీళ్లు పెట్టుకుంటూ చదువుతాడని వాడి ఊహ. నిజానికి అందిన ఐదు నిమిషాల్లో దాన్ని హెచ్ఆర్‌కీ, పై అధికారికీ, ప్రాజెక్టులకి మనుషుల్ని సర్దే విభాగానికీ ఫార్వర్డ్ చేస్తాడు. వాళ్లలో ఎవరికీ అల్లం టీ అన్నతో పరిచయం లేదు. అందరూ వెతికేది ఒకటే: చివరి పనిదినం ఏది? అది దొరక్కపోతే మళ్లీ మనవాడికే మెయిలు వస్తుంది.

ఇక ఆ "ఆలోచిస్తున్నాను" ఇంకా ప్రమాదం. ఆలోచిస్తున్నవాడితో మేనేజరు కూడా కలిసి ఆలోచిస్తాడు. ఈ వారం నేను ట్రావెల్‌లో ఉన్నాను, వచ్చే వారం మాట్లాడదాం అంటాడు. ఆ వారం రిలీజ్ ఉంటుంది. రెండు వారాలు గడిచాక కూడా నోటీసు లెక్కలో ఒక్క రోజు పడదు, ఎందుకంటే మనవాడు రాజీనామా ఇవ్వనే లేదు, ఆలోచించాడంతే. "చేస్తున్నాను" అని రాసిన రోజునుంచే గడియారం నడుస్తుంది.

నా మాటలు వాడికి గట్టిగానే తగిలినట్టున్నాయి. రెండో డ్రాఫ్టులో కృతజ్ఞత మచ్చుకి కూడా లేదు. ఇవ్వని హైకు, ఇచ్చిన రేటింగు, శనాదివారాల సపోర్టు డ్యూటీలు, రాత్రి పదకొండుకి పెట్టే కాల్స్, అన్నీ నంబర్లు వేసి మరీ రాశాడు.

"ఇందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించు మావయ్యా!"

"లేదురా. కానీ ఇది నీ ఫైల్లోనే పడి ఉంటుంది. రేపు ఇంకో కంపెనీ నీ గురించి వాకబు చేస్తే, ఇతన్ని మళ్లీ తీసుకుంటారా అని అడగొచ్చు. అప్పుడు హెచ్ఆర్‌లో ఎవరో కొత్తవాళ్లు నీ ఫైలు తెరుస్తారు. వాళ్లకి నీ రేటింగు బాధ తెలీదు, ఈ ఉత్తరమే తెలుస్తుంది. చెప్పాలనుంటే వెళ్లేముందు ఎగ్జిట్ ఇంటర్వ్యూ పెడతారు, అక్కడ నెమ్మదిగా చెప్పు."

మూడోది ఇంటర్నెట్లోంచి దింపుకొచ్చాడు. పద్ధతిగానే ఉంది గానీ "మీ కంపెనీ పేరు ఇక్కడ రాయండి" అన్న చదరపు బ్రాకెట్లు కూడా పద్ధతిగా అలాగే ఉన్నాయి.

సరే, మాటల సంగతి పక్కన పెట్టి తేదీ తేల్చుకుందాం అన్నాను. అసలు చిక్కు అక్కడే ఉంది.

వాడి పట్టుదల ఏమిటంటే జూన్ 2న, తెలంగాణ అవతరణ దినోత్సవం రోజు పంపాలని. "స్వేచ్ఛ వచ్చిన ఫీలింగ్ ఉంటుంది మావయ్యా." స్వేచ్ఛ సంగతేమో గానీ ఆ రోజు వాడి ఆఫీసుకి సెలవు. పైగా రాజీనామా మెయిలు చూసి మేనేజరు ఉలిక్కిపడకూడదు. ముందు ఓ పది నిమిషాలు టైమ్ అడిగి నోటితో చెప్పాలి, అది అయిన గంటలో మెయిలు పంపాలి, అదే రోజు కంపెనీ పోర్టల్లో రాజీనామా నమోదు చేయాలి. చాలా కంపెనీలు మెయిలు తేదీని కాక పోర్టల్లో నొక్కిన తేదీనే లెక్కలోకి తీసుకుంటాయి. మెయిలు పంపి మురిసిపోతూ పోర్టల్ సంగతి వారం మరిచినవాడు ఓ వారం ఎక్కువ పనిచేయాల్సి రావచ్చు.

కాబట్టి జూన్ 3, మంగళవారం అని ఖాయం చేశాం. అంతలో ఫోన్ మా అక్క లాక్కుంది.

"ఒరేయ్ తమ్ముడూ, మంగళవారం ఎవరైనా మొదలుపెడతార్రా?"

"ఇది మొదలుపెట్టడం కాదక్కా, ముగించడం."

అక్క కాసేపు ఆలోచించి, "అయితే మూడింటి నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం, అది దాటాక పంపమను" అని రాజీకొచ్చింది.

ఇప్పుడు లెక్క. జూన్ 3న ఇస్తే తొంభయ్యో రోజు ఏది? మనవాడు మెయిలు పంపిన రోజుని కూడా కలిపేసుకుని ఆగస్టు 31 అన్నాడు. అప్పుడైతేనే మర్నాడు కొత్త కంపెనీలో చేరొచ్చు. వాళ్ల టీమ్ లీడు నోటీసంటే మూడు నెలలు, సెప్టెంబర్ 3 అన్నాడు. అపాయింట్‌మెంట్ లెటర్ తీయించి చూశాను. తొంభై క్యాలెండర్ రోజులని ఉంది. పోర్టల్ రాజీనామా ఇచ్చిన రోజుని వదిలేసి మర్నాటి నుంచి లెక్కేస్తుంది. జూన్‌లో 27, జూలైలో 31, ఆగస్టులో 31, మొత్తం 89. తొంభయ్యోది సెప్టెంబర్ 1.

అంటే సెప్టెంబర్ 1న వాడు పాత కంపెనీ మనిషే. అదే రోజు కొత్త కంపెనీలో చేరితే పీఎఫ్ రికార్డులో ఒకే తేదీన రెండు కంపెనీలు కనబడతాయి. రెండు ఉద్యోగాలు చేశావా అని ఎవరైనా అడిగితే ఆ ఒక్కరోజుకి సంజాయిషీ రాసుకుంటూ కూర్చోవాలి. దానికన్నా చేరే తేదీ జరపమని కొత్తవాళ్లని ముందే అడగడం తేలిక.

"అయితే 2న చేరతానని చెప్పనా మావయ్యా?"

వెనకనుంచి అక్క గొంతు వినబడింది. "సెప్టెంబర్ 2 కూడా మంగళవారమేరా! చేరడమంటే మొదలుపెట్టడమేగా!"

ఈసారి నా దగ్గర సమాధానం లేదు. 3వ తేదీ బుధవారం చేరతానని రాయించాం. కొత్త కంపెనీ కారణం అడగలేదు.

"తొంభై ఎందుకు, ముప్పై రోజులకే వదిలేయమని మెయిల్లో రాసేస్తే?" అని ఇంకో ఆశ. రాస్తే ఉత్తరంలో రెండు తేదీలు తయారవుతాయి, ఒకటి కోరిక, ఒకటి ఒప్పందం. హెచ్ఆర్ ఒప్పందాన్నే పట్టుకుంటుంది. ముందుగా వదలమని అడగడం వేరే సంభాషణ, పని అప్పగింత కొంత జరిగాక మేనేజరుతో నేరుగా మాట్లాడాలి. మిగిలిన రోజులకి డబ్బు కట్టి బయటపడే వీలు కూడా చాలా చోట్ల కంపెనీ ఒప్పుకుంటేనే. ఆ కట్టేది బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా అన్నది లెటర్లో చూసుకోవాలి. నెలకి లక్ష జీతంలో బేసిక్ నలభై వేలైతే, ఒక నెల నోటీసు ఖరీదు నలభై వేలా, లక్షా అన్నది ఆ ఒక్క పదం తేలుస్తుంది. ఇలా కట్టే సొమ్ము మీద జీఎస్టీ కూడా పడుతుందా అని కొన్నాళ్లు పెద్ద పేచీ నడిచింది. పడదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులో సర్క్యులర్ ఇచ్చి పుణ్యం కట్టుకుంది.

ఇక మిగిలింది కృతజ్ఞత. అందరికీ పంచితే ఎవరికీ అందదు, ఒక్క సంగతి చెప్పమన్నాను. వాడు కాసేపు గింజుకున్నాడు. తర్వాత చెప్పాడు, ఓ రిలీజ్ రాత్రి వీడి మార్పు వల్లే సిస్టమ్ పడిపోతే, కస్టమర్ కాల్‌లో మేనేజరు వీడి పేరు ఎత్తకుండా బాధ్యత తనమీద వేసుకున్నాడట. రెండో డ్రాఫ్టులో పేర్లు పెట్టి తిట్టిన మేనేజరూ ఈయనే. అదే రాయరా అన్నాను.

చివరికి ఇంగ్లీషులో వెళ్లిన మెయిలు తెలుగులో చెబితే ఇదీ:

"విషయం: రాజీనామా – చివరి పనిదినం 1 సెప్టెంబర్ 2025.

ఇందాక మీతో చెప్పినట్టు, నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. తొంభై రోజుల నోటీసు ప్రకారం నా చివరి పనిదినం 1 సెప్టెంబర్ 2025, సోమవారం. ఈలోగా నా పనులన్నీ మీరు చెప్పినవారికి అప్పగిస్తాను, ప్రణాళిక ఈ శుక్రవారానికి పంపుతాను. ఆ రిలీజ్ రాత్రి కస్టమర్ ముందు మీరు నా వెనక నిలబడ్డారు, అది మరిచిపోను. మీ దగ్గర పని నేర్చుకున్నందుకు ధన్యవాదాలు. మెయిలు అందినట్టు ఒక్క మాట రాయగలరు."

కింద పేరు, ఉద్యోగి నంబరు. హెచ్ఆర్‌కి కాపీ. ఎందుకు వెళ్తున్నాడో, ఎక్కడికి వెళ్తున్నాడో, ఎంత ఎక్కువ ఇస్తున్నారో ఎక్కడా లేదు. ఎవరూ అడగనూ లేదు. చివరి మాట మర్యాద కోసం పెట్టింది కాదు. మేనేజరు "అందింది" అని రాస్తే అదే రసీదు. మర్నాడు వచ్చింది కూడా, ఒక్క పదంతో. ఆ రసీదుని వాడు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నాడు, ఎందుకంటే చివరిరోజు సాయంత్రం లాప్‌టాప్‌తో పాటు మెయిలు బాక్సూ పోతుంది.

నోటీసు రోజుల్లో పెట్టిన సెలవులు చాలా కంపెనీల్లో చివరి తేదీని ఆ మేరకు పొడిగిస్తాయి. కాబట్టి మనవాడు ఆగస్టు 27న వినాయక చవితికి ఊరెళ్లి, మర్నాడే ఆఫీసులో ఉన్నాడు. ఆఫీసు ఇచ్చిన పండగ సెలవు క్యాలెండర్ రోజుల్లో ఎలాగూ కలిసిపోతుంది, మనం అడిగి తీసుకునే నిమజ్జనం సెలవు కలవదు.

మీరూ రాయబోతుంటే ఒక్క మాట. పంపేముందు మీ మెయిలు ఇంట్లో ఎవరికైనా ఇచ్చి, "నేను ఎప్పుడు మానేస్తున్నాను?" అని అడగండి. తేదీ వెంటనే చెబితే పంపేయండి. "ఎందుకు మానేస్తున్నావు?" అని ఎదురడిగితే, ఇంకా ఎక్కువ రాశారన్నమాట, కొట్టేయండి. "మంగళవారమా?" అంటే మాత్రం మా అక్క నంబరిస్తాను, మాట్లాడుకోండి.