ఖర్జూరం లడ్డూ లెక్క

ఖర్జూరం లడ్డూకి ఉన్నంతమంది వకీళ్లు ఇంకే మిఠాయికీ లేరు. మైసూరుపాకు తినేవాడు తలొంచుకుని తింటాడు. జిలేబీ తినేవాడు చుట్టూ ఓసారి చూసి తింటాడు. ఖర్జూరం లడ్డూ తినేవాడు మాత్రం వాదిస్తూ తింటాడు. పంచదార లేదు, బెల్లం లేదు, పాకం లేదు, అన్నీ పప్పులూ గింజలే అంటాడు. వాదన పూర్తయ్యేసరికి డబ్బాలో నాలుగు తక్కువవుతాయి. ఆ వకీలు మా ఇంట్లో మావారే.

ఆ వాదనకి జవాబు చెప్పాలంటే తూకం ఉండాలని నేను వంటింట్లోకి చిన్న ఎలక్ట్రానిక్ తూకం మిషన్ తెచ్చాను. మా అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మాయ్, లడ్డూలు చేస్తున్నావా, బంగారం కొట్టు పెడుతున్నావా?" అన్నారు. ఆవిడకి కొలతంటే గ్లాసు, గుప్పెడు, కాసిన్ని. ఈ మూడిట్లో గ్లాసు ఒక్కటే పరిమాణం మారనిది.

సరే, కొలతలు చెబుతాను. గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 250 గ్రాములు. గింజ తీశాకే తూచాలి, ఎందుకంటే ఖర్జూరం బరువులో పదో వంతు దాకా గింజే ఉంటుంది. అది చెత్తబుట్టలోకీ దాని కేలరీలు లెక్కలోకీ పోవడం న్యాయం కాదు. బాదం 75, జీడిపప్పు 50, అక్రోటు 25, గుమ్మడి గింజలు 25, నువ్వులు 25, నెయ్యి ఒక చెంచా, అంటే 5 గ్రాములు. పప్పుల్ని వేయించకముందే తూచాలి. వేపితే పోయేది తడే కాబట్టి బరువు తగ్గుతుంది, కేలరీలు తగ్గవు.

ఇక కేలరీలు. మన దగ్గర ప్యాకెట్ల మీద 100 గ్రాములకి ఎన్నో రాసే ఉంటుంది. ఖర్జూరం సుమారు 280, బాదం 580, జీడిపప్పు 550, అక్రోటు 650, గుమ్మడి గింజలు 560, నువ్వులు 570, నెయ్యి 900. ఖర్జూరం వాటా 700 కేలరీలు. పప్పులూ గింజలూ అన్నీ కలిసి 200 గ్రాములే అయినా వాటి వాటా 1155. చెంచా నెయ్యికి 45. మొత్తం 1900.

ఈ అంకెలు చదివి వినిపిస్తే మావారు గతుక్కుమన్నారు. ఇన్నాళ్లూ ఆయన అనుమానమంతా ఖర్జూరం తీపి మీదే. అందుకే "ఈసారి ఖర్జూరం తగ్గించి జీడిపప్పు పెంచవోయ్" అని ఉదారంగా సలహా ఇచ్చేవారు. గ్రాముకి గ్రాము చూస్తే జీడిపప్పు ఖర్జూరానికి దాదాపు రెట్టింపు. పప్పుల్లో ఉండేది నూనె, ఖర్జూరంలో ఉండేది చక్కెరా కాస్త తడీ. నూనె చక్కెర కంటే రెండింతలు పైగా బరువైన సరుకు, కేలరీల కాటాలో.

"పోనీ పంచదార లేదుగా?" అన్నారు. పంచదార డబ్బా మూత తీయలేదన్నది నిజమే. కానీ ఆ 250 గ్రాముల ఖర్జూరంలోనే 160 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. పీచూ ఉంటుంది, కాదనను. 20 గ్రాముల ఉండకి ఏడు గ్రాముల చక్కెర, అంటే చెంచాన్నర. షుగరున్నవాళ్లకి ఇది నిర్భయంగా తినే లడ్డూ కాదు.

లడ్డూ కట్టే దగ్గర అత్తయ్యకి ఎదురులేదు. పప్పులు దోరగా వేగాక పూర్తిగా చల్లారనివ్వాలన్నారు. మిక్సీని ఆపి ఆపి తిప్పాలన్నారు. ఒకటే బిగిని తిప్పితే పప్పులోంచి నూనె ఊరి, పొడి ముద్దగా జారుకి అంటుకుంటుంది. ఖర్జూరాన్ని చెంచా నెయ్యిలో సన్నసెగ మీద మెత్తబడేదాకా తిప్పి, గోరువెచ్చగా ఉండగానే పొడి కలపాలి. పిడికిట్లో నొక్కితే అంచులు పగిలాయంటే ఖర్జూరం ఎండుది. అప్పుడు ఇంకో నాలుగు పళ్లు వెయ్యచ్చు. "వెయ్యండి అత్తయ్యా, తూచి వెయ్యండి" అన్నాను. నాకేసి చూసిన చూపుకి కేలరీలు కట్టలేను.

పొడి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. గుండు బాదం నమిలి తింటే అందులో నూనె కొంత ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషులకి తినిపించి కొలిస్తే, లెక్క ప్రకారం రావాల్సిన కేలరీల కంటే పావు వంతు దాకా తక్కువే తేలాయి. మావారు ఇది విని లేచి కూర్చున్నారు. కానీ మనం మిక్సీలో వేసి మెత్తగా పొడి చేశాం. పళ్లు చెయ్యలేని పని బ్లేడు చేసేసింది. కాబట్టి ఆ రాయితీ లడ్డూకి ఆశించకూడదు.

కలిపిన ముద్ద తూస్తే 440 గ్రాములొచ్చింది. వేసినవి 455. తేడా కొంత వేపులో పోయిన తడి, కొంత జారుకి అంటుకున్నది. 1900ని ఎటు భాగించినా గ్రాముకి నాలుగుంపావు కేలరీలకి అటూ ఇటూగా వస్తుంది. నేను 20 గ్రాముల ఉండలు కట్టాను, 22 అయ్యాయి. ఒక్కోటి 85 కేలరీలు. ఈలోపు ఫోన్ చూస్తూ కూర్చున్న మా అమ్మాయి, "అమ్మా, యాప్‌లో ఒక బాల్‌కి 60 అని ఉంది" అంది. ఎంత బాలో యాప్ చెప్పలేదు.

అదే ముద్ద అత్తయ్య కడితే పదకొండే వస్తాయి. ఆవిడ ఉండ 40 గ్రాములు, 170 కేలరీలు. రెండిటినీ పక్కపక్కన పెడితే ఆవిడది కాస్త పెద్దదిగా కనిపిస్తుందే తప్ప రెట్టింపని ఎవరూ అనరు. అడ్డంగా కొలిస్తే నాది మూడు సెంటీమీటర్ల పైచిలుకు, ఆవిడది నాలుగు. కంటికి కనబడే అడ్డం పావు వంతు పెరిగితే చాలు, బరువు రెండింతలవుతుంది. గుండ్రటి వస్తువులన్నీ ఇలాగే మోసం చేస్తాయి. మావారు నాలుగు తినేది ఆ కోవలోవే. 680 కేలరీలు, ఒక పూట భోజనం, కాఫీకి ముందు.

అత్తయ్య మాత్రం వదల్లేదు. "మరి మా సున్నుండల్ని ఎందుకే మానిపించారు?" అన్నారు. ఆవిడ పాళ్లే వేసి చూశాను. మినప్పప్పు 200, బెల్లం 200, నెయ్యి 100. కలిపి 2340 కేలరీలు, 500 గ్రాములు. గ్రాముకి 4.7. అంటే 20 గ్రాముల సున్నుండ 94, ఖర్జూరం లడ్డూ 85. తేడా తొమ్మిది కేలరీలు. ఆ తొమ్మిది కోసం ఇంట్లో ఇన్నాళ్లూ సున్నుండని దోషిగా నిలబెట్టాం. అత్తయ్య ఏమీ అనలేదు. మినప్పప్పు డబ్బా మాత్రం అటకమీంచి కిందికి దిగింది.

కాబట్టి పాఠకులారా, ఒక లడ్డూకి ఎన్ని కేలరీలని ఎవరైనా అడిగితే, ఎన్ని గ్రాములని ఎదురడగండి. గింజ తీసి తూచండి, మొత్తం కేలరీల్ని ముద్ద బరువుతో భాగించండి, వచ్చిన అంకె డబ్బా మూత మీద రాసిపెట్టండి. నాలుగు గ్రాములు చిన్నగా కట్టడం ఏ పప్పు మార్చడం కన్నా ఎక్కువ మిగులుస్తుంది. ఇంట్లో వకీలుంటే మాత్రం డబ్బా ఎక్కడుందో చెప్పకండి.